బ్యాంకులో పడింది సరుకు కొన్నదానికన్నా తక్కువ. అయినా 46,800 పన్ను ఎలా?

పడుగుపేక (ప్రశ్న, ఫిబ్రవరి 2026)

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం ఏడాదికి 12,60,000. కొత్త పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి ఆఫీసువాళ్లు టీడీఎస్ ఒక్క రూపాయి కూడా కోయడం లేదు. పోయిన ఏప్రిల్ నుంచి మంగళగిరి, వెంకటగిరి కాటన్ చీరలు తెచ్చి ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతున్నాను. జీఎస్టీ నంబరు తీసుకున్నాను.

మార్చి ఆఖరుకు తేలబోయే అంకెలు, జీఎస్టీ తీసేసి, దాదాపు ఇలా ఉంటాయి. పంపిన సరుకు 7,40,000. తిరిగొచ్చింది 1,40,000. ప్లాట్‌ఫామ్ కమిషన్, ఫీజులు 78,000. షిప్పింగ్ రానూపోనూ 48,000. కవర్లు, టేపు, లేబుళ్లు 12,000. చిల్లర ఖర్చులు 6,000. ఏడాదిలో చీరలు కొన్నది 5,20,000. బ్యాంకులో పడేది 4,77,000 చిల్లర.

నా లెక్క సింపుల్. 5,20,000 పెట్టి కొంటే 4,77,000 చేతికొచ్చింది, అంటే నష్టం. నష్టానికి పన్నేంటి? తెలిసిన అకౌంటెంట్ ఒకాయన మాత్రం కాగితం మీద ఏదో గీసి "46,800 కట్టాల్సొస్తుంది" అన్నారు. జీతం మొత్తం మీద సున్నా పన్ను అయినప్పుడు చీరల మీద ఇంత ఎక్కణ్నుంచి వచ్చింది?

ఉప్పల్_కుర్రాడు

అన్నా, నువ్వు ఊకె టెన్షన్ పడుతున్నవ్. ఆన్‌లైన్‌ల 5 లక్షల లోపు అమ్మితే ఏం లేదు, రూలే ఉంది. నీకు బ్యాంకుల పడ్డది 4.77, అంటే లోపలనే ఉన్నవ్. ఇంకా భయమనిపిస్తే ఐటీఆర్-1ల ఇతర ఆదాయం కింద ఓ ఇరవై వేలు సూపెట్టి వదిలెయ్. ఎవడు అడుగుతడు?

లెక్కలపుస్తకం

ఉప్పల్ తమ్ముడు చెప్పిన 5 లక్షల రూలు ఉన్నమాట నిజమే, కానీ అది పన్ను గురించి కాదు. సెక్షన్ 194-ఓ కింద మార్కెట్‌ప్లేస్ వాళ్లు అమ్మేవాళ్ల దగ్గర టీడీఎస్ కోయాలి. 2024 అక్టోబరు 1 నుంచి అది 0.1 శాతం, అంతకుముందు 1 శాతం ఉండేది. అమ్మే మనిషి వ్యక్తి అయి, పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చి, ఆ ప్లాట్‌ఫామ్‌లో ఏడాది అమ్మకం 5 లక్షలు దాటకపోతే కోయనక్కర్లేదు. అంతవరకే. కోత లేనంతమాత్రాన పన్ను లేదని కాదు. పైగా ఆ 5 లక్షలు చూసేది అమ్మకం విలువ మీద, బ్యాంకులో పడిన దానిమీద కాదు.

ఐటీఆర్-1 సంగతి. అందులో వ్యాపార ఆదాయానికి గడే లేదు. కొని అమ్మడం వ్యాపారం, ఇతర ఆదాయం కాదు. ఇక ఎవడు అడుగుతాడంటే, మనిషి అడగక్కర్లేదు. ఈ-ఫైలింగ్ పోర్టల్లో మీ ఏఐఎస్, అంటే మీ గురించి పన్ను శాఖకు చేరిన సమాచార పట్టిక, తెరిచి చూడండి. ప్లాట్‌ఫామ్ కోసిన టీడీఎస్ పక్కనే దేనిమీద కోశారో ఆ అమ్మకం మొత్తం ఉంటుంది. మీ జీఎస్టీ రిటర్నుల టర్నోవరు కూడా అక్కడికే చేరుతుంది. రిటర్నులో 20,000, ఏఐఎస్‌లో 6 లక్షలు ఉంటే తేడా కంప్యూటరే పట్టేస్తుంది.

ఇప్పుడు పడుగుపేక గారి నష్టం. అది నష్టం కాదండీ, సరుకు. మార్చి 31 రాత్రి మీ బీరువాలో, మంచం కింద ఎంత విలువైన చీరలు మిగులుతాయో చెప్పండి. కొన్న ధరకే లెక్కేయండి.

పడుగుపేక

తిరిగొచ్చినవాటితో కలిపి, కొన్న ధరకు 1,24,000 దాకా ఉంటాయి.

లెక్కలపుస్తకం

అయితే అదే ముడి. అమ్ముడుపోని చీర ఈ ఏడాది ఖర్చు కాదు, అది వచ్చే ఏడాదికి మోసుకెళ్లే సరుకు. బ్యాంకు పాస్‌బుక్కును లాభనష్టాల ఖాతా అనుకోవడం వల్ల వచ్చే పొరపాటిది. కొత్తగా అమ్మేవాళ్లలో చాలామందికి మొదటి ఏడాది ఇలాగే నష్టంలా కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి ఏడాది స్టాకు పేరుకుంటుంది.

రెండో పొరపాటు, బ్యాంకులో పడినదాన్ని టర్నోవరు అనుకోవడం. ప్లాట్‌ఫామ్ తన కమిషనూ, షిప్పింగూ, వాటిమీద జీఎస్టీ, టీడీఎస్, టీసీఎస్ అన్నీ మినహాయించుకుని మిగిలింది పంపుతుంది. మీ టర్నోవరు 7,40,000లోంచి తిరిగొచ్చిన 1,40,000 తీసేస్తే 6,00,000. ఫీజులు దాంట్లోంచి తీసేయకూడదు, ఖర్చుగా విడిగా రాసుకోవాలి. సెల్లర్ ప్యానెల్‌లో ఏడాది సేల్స్ రిపోర్టు, పేమెంట్ రిపోర్టు రెండూ దించుకోండి. మొదటిది టర్నోవరుకు, రెండోది ఖర్చులకు.

```
అమ్మకం (తిరిగొచ్చినవి పోను)        6,00,000
అమ్మిన సరుకు ఖరీదు
  5,20,000 - 1,24,000             3,96,000
కమిషన్, ఫీజులు                     78,000
షిప్పింగ్                          48,000
ప్యాకింగ్ + చిల్లర                  18,000
లాభం                               60,000

జీతం 12,60,000 - 75,000          11,85,000
మొత్తం ఆదాయం                     12,45,000
```

12 లక్షల వరకూ సెక్షన్ 87ఏ రిబేటు వల్ల పన్ను సున్నా. మీ జీతం ఒక్కటే అయితే, జీతగాళ్లకు దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 11,85,000, అందుకే ఆఫీసువాళ్లు ఏమీ కోయలేదు. చీరల లాభం కలిసేసరికి గీత దాటారు. గీత దాటితే రిబేటు మొత్తం పోతుంది. శ్లాబుల ప్రకారం 4 నుంచి 8 లక్షల మీద 20,000, 8 నుంచి 12 మీద 40,000, పై 45,000 మీద 15 శాతం చొప్పున 6,750. కలిపి 66,750.

అయితే చట్టంలో ఒక చిన్న దయ ఉంది. గీత దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ ఉండకూడదు. మీరు దాటింది 45,000, కాబట్టి పన్ను 45,000 దగ్గర ఆగుతుంది. దానిమీద 4 శాతం సెస్సు 1,800. మొత్తం 46,800. మీ అకౌంటెంట్ గీసిన లెక్క సరైనదే.

పడుగుపేక

అంటే ఏడాదంతా ప్యాకింగులు చేసి సంపాదించిన 60,000లో నాకు మిగిలేది 13,200?

లెక్కలపుస్తకం

అంతే. మొదటి 15,000 మీద పన్ను లేదు, ఆ తర్వాత ప్రతి రూపాయికీ రూపాయి నాలుగు పైసలు పోతోంది. 12 లక్షలు దాటిన దగ్గర్నుంచి దాదాపు 12,70,600 దాకా ఇదే పరిస్థితి. ఆ పైన మామూలు శ్లాబు రేటు మొదలవుతుంది. పది లక్షల జీతగాడు ఇదే 60,000 సంపాదిస్తే పన్ను సున్నా. పదహారు లక్షల జీతగాడైతే 9,360. మధ్యలో ఈ ఇరుకు సందులో ఉన్నవాళ్లకే దెబ్బ.

పాతసామాను

నాకూ ఇదే భయం పట్టుకుందండీ. ఇల్లు మారుతూ పాత సోఫా, ఫోను, పిల్లల సైకిలు ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మాను. మొత్తం 38,000 వచ్చింది, అంతా యూపీఐలోనే. నేను కూడా వ్యాపారం కింద చూపించాలా?

కృష్ణకెనాల్

అక్కర్లేదండీ, మీది వేరే విషయం. సొంతానికి వాడుకున్న వస్తువులు అమ్మితే వ్యాపారమూ కాదు, మూలధన లాభమూ లేదు. నగలు, పెయింటింగులు, శిల్పాల్లాంటి కళాఖండాలకు మాత్రం ఆ మినహాయింపు ఉండదు. పాత ఫోన్లు కొని, స్క్రీన్ మార్చి, లాభానికి అమ్మడం మొదలుపెడితే అప్పుడు మళ్లీ ఈ చర్చలోకి రండి.

పడుగుపేక గారికి ఇంకో దారి చెప్తాను. ఈ స్టాకు గోల ఎందుకు? సెక్షన్ 44ఏడీ ఉంది కదా. చిన్న వ్యాపారానికి ఖాతాలు రాయక్కర్లేదు, టర్నోవరులో ఇంత శాతం లాభం అనుకుని చూపిస్తే చాలు. బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం, నగదుకు 8 శాతం. కొనేవాళ్లు క్యాష్ ఆన్ డెలివరీలో డబ్బులిచ్చినా మీకు ప్లాట్‌ఫామ్ బ్యాంకులోనే వేస్తుంది కాబట్టి 6 శాతమే పట్టండి. 6,00,000 మీద 36,000. మొత్తం ఆదాయం 12,21,000. దాటింది 21,000, సెస్సుతో 21,840. సగానికి పైగా తగ్గిపోయింది చూడండి.

లెక్కలపుస్తకం

కృష్ణకెనాల్ గారూ, 44ఏడీ వాడుకోవడంతో నాకు పేచీ లేదు, ఆ ఫారం ఐటీఆర్-4 ఆయనకు సరిపోతుంది. పేచీ 36,000 దగ్గరే. ఐటీఆర్-4లో ఆ గడి పక్కన ఏం రాసుందో చదవండి. 6 శాతం గానీ, సంపాదించినట్టు చెప్పుకున్న మొత్తం గానీ, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఈయనకు నిజంగా 60,000 మిగిలిందని ఇక్కడే లెక్కేసుకున్నాం. తెలిసి తెలిసి 36,000 అని సంతకం పెట్టమనడం నాకు నచ్చదు.

కృష్ణకెనాల్

"చెప్పుకున్న" అన్న మాట మీదే నేనూ నిలబడతాను. ఆయన చెప్పుకుంటేనే అది లెక్కలోకొస్తుంది. అసలు ఖాతాలు రాయక్కర్లేదని చట్టమే అన్నాక, ఖాతాలు రాస్తే ఎంత తేలేదో అని అడగడం ఏమిటి? ఊహించిన లాభం అనే పద్ధతికి అర్థమే అది.

లెక్కలపుస్తకం

ఖాతాలు రాయనివాడి విషయంలో మీ వాదన కొంతవరకూ ఒప్పుకుంటాను. ఈయనకు జీఎస్టీ ఉంది, కొనుగోలు బిల్లులన్నీ అక్కడున్నాయి, ఫీజుల ఇన్‌వాయిసులు అక్కడున్నాయి. ఒకవేళ అడిగితే "నాకు తెలియదు" అనే వీలు ఈయనకు లేదు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం. ఆయన తన అకౌంటెంటుతో తేల్చుకుంటారు.

44ఏడీలో దిగేముందు ఒక గొలుసు మాత్రం చూసుకోవాలి. ఒక ఏడాది ఈ పద్ధతిలో చూపించి, తర్వాతి ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది 6 శాతం కన్నా తక్కువ లాభం వచ్చిందని బయటికొస్తే, ఆ పై ఐదేళ్లూ మళ్లీ ఈ పద్ధతి దొరకదు. మొత్తం ఆదాయం పన్ను మినహాయింపు పరిమితి దాటిన మనిషైతే, ఖాతాలు రాసి ఆడిట్ కూడా చేయించాలి. మీలాంటి జీతగాళ్లు ఆ పరిమితి దాటినవాళ్లే. 6 లక్షల చీరల వ్యాపారానికి ఆడిట్ ఫీజు కట్టుకుంటే ఇక లాభం మాట మర్చిపోవచ్చు. చీరల్లో సీజన్ తేడా కొడితే 6 శాతం కన్నా తగ్గడం వింతేమీ కాదు.

ఉప్పల్_కుర్రాడు

సరే అన్నా, 5 లక్షల సంగతి నాకు తెల్వలే. గని ఒక డౌట్. నిజంగనే నష్టమొస్తే జీతంలకెల్లి తీసేసుకోవచ్చు గద? మా దోస్తు ఒకడు గట్లనే రిఫండ్ వస్తదంటుండు.

లెక్కలపుస్తకం

రాదు తమ్ముడూ. వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. గడువులోపు రిటర్ను వేస్తే 8 ఏళ్లు మోసుకెళ్లి, తర్వాత వచ్చే వ్యాపార లాభంలోంచే తీసుకోవచ్చు.

గుంటూరు_గోంగూర

మాది కొంచెం తేడా పద్ధతండీ. నేను సరుకు కొనను. యాప్‌లో కేటలాగు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను, ఆర్డరొస్తే నా మార్జిన్ కలిపి బుక్ చేస్తాను. సరుకు సప్లయర్ నుంచే కస్టమరుకి పోతుంది, నా మార్జిన్ మాత్రం నా అకౌంటులో పడుతుంది. ఏడాదికి 1,10,000 వచ్చింది. నేను 6 శాతం వేసుకుని 6,600 చూపిస్తే సరిపోతుందా?

కృష్ణకెనాల్

ఆగండాగండి అమ్మా. 44ఏడీ కమిషన్ ఆదాయానికి పనికిరాదు. ఏజెన్సీ వ్యాపారానికీ పనికిరాదు. మీరు చెప్పిన పద్ధతిలో సరుకు ఒక్క నిమిషం కూడా మీది కాదు, మీకొచ్చేది మధ్యవర్తి వాటా. 6,600 చూపిస్తే మిగతా 1,03,400 దాచినట్టే.

లెక్కలపుస్తకం

దీంట్లో ఆయనా నేనూ ఒకటే. గుర్తుపట్టడానికి రెండు చోట్ల చూడండి. కస్టమరుకి వెళ్లిన ఇన్‌వాయిస్ మీద అమ్మినవారి పేరు ఎవరిది? సప్లయరుదైతే మీది కమిషనే. రెండోది, మీ ఏఐఎస్‌లో టీడీఎస్ ఏ సెక్షన్ కింద ఉంది? 194-ఓ అంటే అమ్మకందారుగా చూశారు, 194హెచ్ అంటే కమిషన్‌గా చూశారు. 194హెచ్ కోత ఇప్పుడు 2 శాతం, ఏడాదికి 20,000 దాటితేనే. అసలు కోతే లేకపోతే ఇన్‌వాయిసే దిక్కు.

మీరు వేయాల్సింది ఐటీఆర్-3. 1,10,000లోంచి నిజంగా ఈ పనికైన ఖర్చులు తీసుకోవచ్చు. ఫోను బిల్లులో ఈ పనికి పోయిన భాగం, ప్రకటనలకు పెట్టింది, తిరిగొచ్చిన ఆర్డర్లకు మీ జేబులోంచి పోయింది. కాగితం ఉన్నవే. ఇంటి మొత్తం ఇంటర్నెట్ బిల్లు రాసేయకండి.

గుంటూరు_గోంగూర

ఇన్‌వాయిస్ చూశాను, సప్లయర్ పేరే ఉంది. వేరే ఆదాయమేమీ లేదు నాకు.

లెక్కలపుస్తకం

అయితే పన్ను రూపాయి కూడా పడదు. 4 లక్షల లోపు కదా, రిటర్ను వేయడం కూడా తప్పనిసరి కాదు. టీడీఎస్ కోసి ఉంటే అది వెనక్కి తెచ్చుకోవడానికైనా వేయండి.

బీటెక్_బెంచీ

సర్, నాకు 19 ఏళ్లు, విజయవాడలో బీటెక్. ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు హోల్‌సేల్‌లో తెచ్చి అమ్ముతున్నాను. సెల్లర్ అకౌంటు ఓపెన్ చేసేటప్పుడు నాకు పాన్ లేదు, అమ్మ పాన్ ఇచ్చేశాను. బ్యాంకు అకౌంటు కూడా అమ్మదే. లాభం 90,000 దాకా ఉంటుంది. అమ్మ గవర్నమెంటు టీచర్, జీతం 9 లక్షలు. నాకు పన్ను లేదు కదా, మరి ఇబ్బందేమైనా ఉంటుందా?

కృష్ణకెనాల్

నీకు పన్ను లేదు బాబూ, ఇబ్బంది అమ్మకుంది. టీడీఎస్, అమ్మకం అంతా ఆవిడ ఏఐఎస్‌లో పడుతుంది. ఆవిడ ఎప్పట్లాగే ఐటీఆర్-1 వేస్తే తేడా కనిపిస్తుంది. 9 లక్షలకు 90,000 కలిపినా 12 దాటదు కాబట్టి డబ్బుపరంగా పోయేదేం లేదు. కానీ ప్రభుత్వోద్యోగి పేరుమీద వ్యాపారం అని ఆదాయపు పన్ను రికార్డుల్లో కనిపించడం మంచిది కాదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1964 ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు.

బీటెక్_బెంచీ

అమ్మో, ఇది నాకు తట్టలేదు. ఇప్పుడేం చేయాలి?

లెక్కలపుస్తకం

కొత్త సెల్లర్ అకౌంటు నీ పాన్ మీద, నీ బ్యాంకు ఖాతాతో తెరువు. మార్చి 31లోపు మార్చేస్తే వచ్చే ఏడాది నుంచి లెక్క శుభ్రంగా ఉంటుంది. పాత అకౌంటులో పాన్ మార్చుకోవచ్చులే అనుకోకు, చాలాచోట్ల ఒప్పుకోరు, కొత్తది తెరవాల్సిందే. రేటింగులు పోతాయి, తప్పదు.

ఈ ఏడాది మాటకొస్తే, సంపాదన నిజంగా నీదే కాబట్టి నీ పేర రిటర్ను వేసి నీ ఆదాయంగా చూపించు. అమ్మ ఏఐఎస్‌లో ఆ ఎంట్రీ దగ్గర ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంటుంది, ఈ సమాచారం వేరే పాన్‌కు చెందిందని అక్కడ చెప్పించు. సరుకు కొన్న బిల్లులు నీ పేర ఉన్నాయా?

బీటెక్_బెంచీ

లేవు సర్. హోల్‌సేల్ వాళ్లు చేతిరాత చీటీలిస్తారు, పేరు రాయరు.

లెక్కలపుస్తకం

అదే బలహీనమైన చోటు. ఇవాళ్టి నుంచి పేరు రాయించుకుని, యూపీఐలో నీ ఖాతా నుంచే కట్టు. ఫీడ్‌బ్యాక్‌తోనే పని జరిగిపోతుందని నేను భరోసా ఇవ్వలేను, అమ్మకు నోటీసొస్తే ఈ కాగితాలే జవాబు.

పడుగుపేక

మళ్లీ నా దగ్గరికి రావచ్చా? ఆ ఇరుకు సందులోంచి న్యాయంగా బయటపడే దారి ఏమీ లేదా? 80సీ, బీమా ఇవేవీ కొత్త విధానంలో పనికిరావు కదా. పాత విధానానికి వెళ్లిపోతే?

కృష్ణకెనాల్

మీ జీతానికి పాత విధానంలో హెచ్ఆర్ఏ, ఇంటి రుణం లాంటివి భారీగా ఉంటే తప్ప గిట్టదు. ఇంకో సంగతి. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు ఏటా అటూ ఇటూ మారొచ్చు. వ్యాపార ఆదాయం వచ్చిందంటే ఆ స్వేచ్ఛ పోతుంది. పాత విధానం కావాలంటే రిటర్ను గడువులోపు `Form 10-IEA` విడిగా వేయాలి. వేసి ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే, వ్యాపారం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లడానికి వీల్లేదు. పాత విధానంలో ఉండే జీతగాళ్లు సైడున ఏదో అమ్మి, ఆ ఫారం మర్చిపోయి, మినహాయింపులన్నీ పోగొట్టుకునేది ఇక్కడే.

లెక్కలపుస్తకం

కొత్త విధానంలో మిగిలిన తలుపు ఒకటుంది. మీ కంపెనీ మీ తరఫున ఎన్‌పీఎస్ పింఛను ఖాతాలో వేసే వాటా. బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. మీరు సొంతంగా వేసుకుంటే తగ్గదు, కంపెనీ ద్వారానే వెళ్లాలి. మామూలుగా మీ సీటీసీలోంచే ఆ ముక్క తీసి అటు మళ్లిస్తారు. మీ బేసిక్ ఎంత?

పడుగుపేక

నెలకు 42,000. డీఏ లేదు. హెచ్ఆర్‌ను అడిగాను, కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఉందట. ఈ నెల నుంచే మొదలుపెట్టొచ్చు, కానీ నెలనెలా మాత్రమే, ఒకేసారి వేయడం కుదరదన్నారు.

లెక్కలపుస్తకం

42,000 మీద 14 శాతం 5,880. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలకు 11,760. మీ సందులో రూపాయికి రూపాయి నాలుగు పైసలు కాబట్టి, పన్ను 12,230 తగ్గుతుంది. వచ్చే ఏప్రిల్ నుంచి పన్నెండు నెలలూ వేస్తే 70,560. జీతం, చీరల లాభం ఇలాగే ఉంటే అప్పుడు పన్ను పూర్తిగా సున్నా. డబ్బు ఎన్‌పీఎస్‌లో ఇరుక్కుపోతుందన్నది వేరే మాట. చేతిలో నగదు అవసరమున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

మిగిలిన పన్ను మార్చి 15లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టేయండి. 44ఏడీలో ఉన్నవాళ్లకు నాలుగు వాయిదాలు లేవు, ఆ ఒక్క తేదీయే. కట్టాల్సింది 10,000 దాటుతోంది కాబట్టి తప్పదు. 46,800 మొత్తం వదిలేసి జులైలో రిటర్నుతో పాటు కడదామనుకుంటే, మార్చి వాయిదా తప్పినందుకు 468, ఏప్రిల్ నుంచి జులై దాకా నెలకు ఒక శాతం చొప్పున 1,872 వడ్డీ పడుతుంది. లేదంటే ఆఫీసులో `Form 12BAA` ఇచ్చి, ఈ ఆదాయం కూడా కలిపి మార్చి జీతంలోనే కోయమనండి. అప్పుడు వడ్డీ గొడవుండదు. చీరల సంగతి ఆఫీసుకు తెలుస్తుంది, అది మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు చదువుకుని నిర్ణయించుకోండి.

ఉప్పల్_కుర్రాడు

కొత్త చట్టం వస్తుందంటున్రు గద, ఈ సెక్షన్లన్నీ అప్పుడు ఉంటయా?

కృష్ణకెనాల్

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొస్తుంది. ఈ మార్చితో ముగిసే ఏడాదికి వేసే రిటర్ను మాత్రం పాత 1961 చట్టం లెక్కే. ఆ తర్వాత సెక్షన్ నంబర్లు మారతాయి, 44ఏడీ అని వెతికితే దొరకదు.

ఇంకొకటి, పడుగుపేక గారూ. ఈ ఏడాది షేర్లేమైనా అమ్మారా? ఏడాదిలోపు కొని అమ్మిన షేర్ల మీద లాభం గానీ నష్టం గానీ ఉంటే ఐటీఆర్-4 కుదరదు, ఐటీఆర్-3కి వెళ్లాలి.

పడుగుపేక

షేర్లు లేవు. ఒక్క ఆఖరి డౌటు. స్టాకు 1,24,000 అన్నాను కదా. అందులో తిరిగొచ్చినవాటిలో కొన్ని పాడైపోయాయి. పసుపు మరకలు, అంచు చిరుగు, ఒకటి రెండిట్లో చీరకు బదులు పాత గుడ్డ పెట్టి పంపారు. కొన్న ధర 14,000 ఉంటుంది, అమ్మితే 4,000 కూడా రాదు. వాటిని కూడా 14,000 అనే రాయాలా?

లెక్కలపుస్తకం

ఇది ముందే అడగాల్సిన ప్రశ్న. సరుకు విలువ కొన్న ధరా, ఇప్పుడు అమ్మితే వచ్చే ధరా, రెంటిలో ఏది తక్కువైతే అది రాయాలి. ఆ చీరలు 4,000కే రాయండి. స్టాకు 1,14,000 అవుతుంది, లాభం 60,000 కాస్తా 50,000. పాత గుడ్డ పంపినవాటి మీద ప్లాట్‌ఫామ్‌లో క్లెయిము వేసి ఉంటే, వచ్చిన పరిహారం ఆదాయంలో కలపడం మర్చిపోకండి.

కానీ నోటిమాటతో కాదు. మార్చి 31న ఒక్కో చీర ఫొటో తీసి, ఆర్డరు నంబరు, రిటర్ను తేదీ, కొన్న ధర, వేసిన విలువ పక్కపక్కన ఒక షీటులో రాసుకోండి. వచ్చే ఏడాది అవి 4,000కు బదులు 9,000కు అమ్ముడైతే ఆ లాభం అప్పుడు తేలుతుంది. పాడైన 40 చీరలని ఊరికే రాసి తర్వాత పూర్తి ధరకు అమ్మితే మీ సేల్స్ రిపోర్టే మిమ్మల్ని పట్టిస్తుంది.

పడుగుపేక

దాటినది 45,000. అందులో ఎన్‌పీఎస్ 11,760, పాడైన చీరలు 10,000 పోతే 23,240. సెస్సుతో 24,170. 46,800 నుంచి ఇక్కడికి దిగింది. ప్లాట్‌ఫామ్ కోసిన 600 కూడా ఇందులోంచి పోతుంది కదా?

లెక్కలపుస్తకం

పోతుంది. 23,570 కట్టండి, మార్చి 15 ఆదివారం పడింది, ఆఖరి రోజుదాకా ఆగకండి. చలానాలో మైనర్ హెడ్ 100 ఎంచుకోండి, అడ్వాన్స్ ట్యాక్స్ అదే. 300 నొక్కితే సెల్ఫ్ అసెస్‌మెంట్ కిందికి పోయి మళ్లీ దిద్దించుకోవాలి.

కృష్ణకెనాల్

నా 6 శాతం లెక్కలో అయితే ఎన్‌పీఎస్ తీసేశాక 9,240 మీదే పన్ను పడేది. చెప్పి ఉంచుతున్నాను.

లెక్కలపుస్తకం

మీరు వదలరు కదా!

పడుగుపేక

వచ్చే వారం అకౌంటెంటును కలుస్తున్నాను, ఆ 36,000 వాదన ఆయన ముందు కూడా పెడతాను. ముందైతే మరకల చీరలన్నీ విడిగా ఒక మూట కడుతున్నాను.